శుద్ధమైన వేరుశనగలో జంట శిఖరాలు ఎందుకొస్తాయి?

అనంతపురంలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న ఒకమ్మాయి డీఎన్ఏ అక్షరాలు చదివే సాంగర్ పద్ధతిలో వచ్చిన తన రిపోర్టు ఫొటో పంపింది. ఓలిక్ ఆమ్లం ఎక్కువుండే వేరుశనగ రకంలో ఆ ఆమ్లం మోతాదును నిర్ణయించే ఎఫ్ఏడీ2 జీన్ చదివించారట. మొదట్లో గ్రాఫ్ శుభ్రంగానే ఉంది, 441వ అక్షరం దాటాక మాత్రం చివరిదాకా ఒకదాని మీద ఒకటి రెండేసి శిఖరాలు. "విత్తనం కల్తీ అయిందా సార్? ఎన్‌జీఎస్ చేయిస్తే తేలుతుందా?" అని అడిగింది.

సాంగర్, ఎన్‌జీఎస్ అనే ఈ రెండు డీఎన్ఏ చదివే పద్ధతులకూ తేడాలు రాయమని పరీక్షల్లో పట్టిక వేయిస్తారు. దానివల్ల పిల్లలకు అసలు సంగతే కనపడకుండా పోతుందని నా బాధ. రెండింటి కిటుకూ ఒక్కటే, పెరుగుతున్న డీఎన్ఏ పోగును ఆపడం. సాంగర్‌లో శాశ్వతంగా ఆపుతారు, ఎన్‌జీఎస్‌లో కాసేపు ఆపి వదులుతారు.

డీఎన్ఏ పోగులో కొత్త అక్షరం వచ్చి, ముందున్న అక్షరం చివరి 3′ హైడ్రాక్సిల్‌కు తగులుకుంటుంది. గుంతకల్లు యార్డులో రైలు పెట్టెలు తగిలించినట్టే అనుకోండి, వెనక కొక్కెం ఉంటేనే తర్వాతి పెట్టె వస్తుంది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్, ఆయన సహచరులు వాడింది కొక్కెమే లేని పెట్టెలు, అంటే డైడియాక్సీ న్యూక్లియోటైడ్లు. మామూలువి వంద ఉంటే ఇవి ఒకటి ఉండేలా కలుపుతారు. అందుకే ఒక పోగు పదో అక్షరం దగ్గర, ఇంకోటి నాలుగొందల పదో అక్షరం దగ్గర, ఎక్కడ కొక్కెం లేనిది తగిలితే అక్కడ ఆగిపోతాయి. ఇవి మరీ ఎక్కువైతే అన్నీ పొట్టి ముక్కలే, తక్కువైతే మొదటి అక్షరాలు సరిగా కనపడవు. ఇప్పుడు చివరి పెట్టెకు నాలుగు రంగుల్లో ఒకటి పూస్తారు, సన్నటి గొట్టంలో పొట్టి ముక్క ముందు, పొడుగుది వెనక పరుగెడుతుంటే లేజర్ ఆ రంగు చూస్తుంది. ఏడెనిమిది వందల అక్షరాల దాకా బాగా చదవచ్చు, ఆ పైన ఒక్క అక్షరం తేడా ఉన్న రెండు ముక్కలు విడిపోవు.

ఇల్యుమినా కంపెనీ తరహా ఎన్‌జీఎస్‌లో కొక్కెం ఉంటుంది గాని దానికి మూత వేసుంటారు. ఒక్క అక్షరం తగలగానే పోగు ఆగిపోతుంది, యంత్రం రంగును ఫొటో తీస్తుంది, తర్వాత ఒక రసాయనం మూతనూ రంగునూ ఊడదీస్తుంది, మళ్ళీ తర్వాతి అక్షరం. గాజు పలక మీద ఒక్కో చుక్క ఒకే అణువు నుంచి పెంచిన వెయ్యి దాకా నకళ్ళ గుంపు. ప్రతి రౌండులో కొన్ని నకళ్ళకు మూత ఊడక వెనకబడతాయి, కొన్ని ఒక అడుగు ముందుకు పోతాయి. అవి పేరుకుని రంగులు కలిసిపోతాయి కాబట్టే సాధారణంగా 150 అక్షరాలకే ఆపేస్తారు. రీడ్లు, అంటే ఒక్కో చుక్క నుంచి చదివిన అక్షరాల వరసలు, పొట్టిగా ఉండడానికి కారణం ఇదే.

ఇక మన వేరుశనగ. దీనికి ఏ, బీ అని రెండు జీనోములు, అంటే ఎఫ్ఏడీ2 జీన్ కూడా రెండు చోట్ల ఉంటుంది, అవి దాదాపు 99 శాతం ఒకటే. ఓలిక్ ఎక్కువున్న రకాల్లో బీ జీన్‌లో 441వ అక్షరం తర్వాత ఒక అడెనిన్ అదనంగా చేరి, అక్కడినుంచి వాక్యం మొత్తం ఒక గడి జరుగుతుంది. చదవాల్సిన చోట అతుక్కుని పోగును మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలే ప్రైమర్లు, మామూలు ప్రైమర్లు రెండు జీన్లనూ పట్టుకుంటాయి. సాంగర్ గ్రాఫ్ గొట్టంలోని అణువులన్నీ కలిసి వేసే ఓటు కదా, ఒక గడి జరిగిన బీ, జరగని ఏ కలిసి జంట శిఖరాలు వేస్తాయి. విత్తనం నూటికి నూరుపాళ్ళు శుద్ధమైనా సరే! 441కి ముందు కూడా అక్కడక్కడా విడి జంట శిఖరం ఒకటి రెండు కనపడితే అవి ఏ, బీల మధ్య సహజంగా ఉన్న తేడాలు, రెండూ కలిసి వచ్చాయనడానికి గుర్తు. అవతలి వైపు నుంచి కూడా చదివించాలి, అప్పుడు గజిబిజి సరిగ్గా ఆ అడెనిన్ దగ్గరే మొదలైతే శాంపిల్ చెడిపోలేదు, అక్షరం చేరింది.

అసలు చిక్కు ఏంటంటే బీ జీన్ ఒక కాపీలోనే మారిన సంకరంలోనూ ఇలాంటి గ్రాఫే వస్తుంది. శుద్ధ రకంలో అడెనిన్ చేరిన అణువులు సగం, సంకరంలో పావు వంతు. శిఖరాల ఎత్తు చూసి ఆ తేడా చెప్పడం ప్రమాదం, ఎందుకంటే పోగును పెంచే ఎంజైమ్ అన్ని చోట్లా రంగు అక్షరాలను సమానంగా తీసుకోదు. ఎన్‌జీఎస్‌లో ప్రతి రీడూ ఒక్క అణువుదే కాబట్టి లెక్కపెట్టేయొచ్చు. వెయ్యి రీడ్లలో అడెనిన్ చేరినవి సుమారు 500 ఉంటే శుద్ధం, 250 దగ్గరుంటే సంకరం, చదివే ముందు నకళ్ళు పెంచే పీసీఆర్ ఒక జీన్‌నే ఎక్కువ పెంచేయకుండా ఉంటే. అయితే ఏ, బీల మధ్య తేడా ఉన్న అక్షరం ఆ 150లో పడకపోతే రీడ్ ఏ జీన్‌దో చెప్పలేం, ముక్క రెండు చివరలనూ చదివిస్తే కొంత నయం.

ఆ అమ్మాయికి ఉన్నవి నాలుగైదు మొక్కలే. అందుకని బీ జీన్‌ను మాత్రమే పట్టుకునే ప్రైమర్ పెట్టి మళ్ళీ సాంగర్‌కే పంపమన్నాను. శుద్ధమైతే 441 తర్వాత కూడా ఒక్కో శిఖరమే రావాలి, సంకరమైతే జంటలు అలాగే ఉంటాయి. వందల మొక్కలు జల్లెడ పట్టాల్సి వస్తే అప్పుడు ఎన్‌జీఎస్‌కు వెళ్ళొచ్చు.