ఓపిక లేని టెంక

మా చెల్లెలి కొడుకు చిన్నూకి తొమ్మిదేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు వాళ్ళది. మే రెండో వారంలో ఒక రోజు మా బావ తెచ్చిన బంగినపల్లి పండ్లలో అన్నిటికంటే పెద్దదాన్ని వాడే తిని, ఆ టెంకను దాచుకున్నాడు. నాటుతాడట.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ చిక్కుడు గింజలను ఎండబెట్టి, బూడిద కలిపి, డబ్బాకెత్తడం వాడు చూశాడు. విత్తనమంటే ముందు బాగా ఎండాలి అన్నది వాడికి అక్కడే తెలిసింది. అందుకే టెంకను శుభ్రంగా కడిగి, డాబా మీద పిట్టగోడ పక్కన పదహారు రోజులు ఎండలో పెట్టాడు. హైదరాబాద్‌లో మే నెల డాబా అంటే చెప్పేదేముంది, కాళ్ళకు చెప్పుల్లేకుండా నిలబడలేం. టెంక ఎముకలా తెల్లబడింది. ఊపితే లోపల గలగలమంది.

"విత్తనం రెడీ అయింది మామయ్యా, చప్పుడొస్తోంది" అని ఫోన్ చేశాడు. ఆ చప్పుడుకు అర్థం వేరని నాకు తెలుసు. అయినా వాడే చూసి తెలుసుకుంటాడులే అని ఊరుకున్నాను. పెద్దవాళ్ళకు ఇలాంటి చిన్న చిన్న క్రూరత్వాలు ఉంటాయి.

కుండీలో పెట్టి రోజూ రెండు పూటలా నీళ్ళు పోశాడు. ఇరవై నాలుగు రోజులు చూశాడు. ఏమీ రాలేదు. తవ్వి బయటికి తీస్తే టెంక లోపల జీడి ముడుచుకుపోయి, గోధుమరంగుకు తిరిగి, ఒక పక్క మెత్తగా కుళ్ళి ఉంది.

చిక్కుడు గింజకు మేలు చేసిన ఎండ మామిడి టెంకను ఎందుకు చంపింది? చిక్కుడు గింజ ఎండడం డాబా మీద మొదలు కాదు, తీగ మీదే మొదలవుతుంది. కాయ ముదిరేకొద్దీ తల్లి మొక్క గింజకు నీళ్ళు తగ్గిస్తుంది. ఆ సమయంలో గింజ తనను తాను సిద్ధం చేసుకుంటుంది. కణాల్లో కొన్ని రకాల చక్కెరలు, కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లు పోగవుతాయి. నీరు వెళ్ళిపోయిన చోట అవి గాజులా గట్టిపడి, సున్నితమైన పొరలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడతాయి. అప్పుడు గింజలో జీవం దాదాపు ఆగిపోయినట్టే ఉంటుంది. మళ్ళీ నీళ్ళు తగిలాక మేలుకుంటుంది.

మామిడి జీడి ఈ పాఠం ఎప్పుడూ నేర్చుకోలేదు. పండు పండే నాటికి కూడా దానిలో సుమారు సగం బరువు నీరే. అది నిద్రపోదు. ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, పెరుగుదల సన్నాహాలు నడుస్తూనే ఉంటాయి. అలాంటి కణాల నుంచి నీరు లాగేస్తే పొరలు చీలిపోతాయి. తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా కణంలో ఉన్న పదార్థం బయటికి కారిపోతుందే తప్ప మొలక రాదు. కారినదాన్ని తిని బూజు మాత్రం బాగా పెరుగుతుంది. చిన్నూ కుండీలో జరిగింది ఇదే. గలగల చప్పుడు ఎందుకంటే, నిండుగా ఉండాల్సిన జీడి ఎండి చిన్నదై టెంకలో దొర్లుతోంది కాబట్టి.

బ్రిటన్‌కు చెందిన విత్తన శాస్త్రవేత్త ఇ.హెచ్. రాబర్ట్స్ 1973లో విత్తనాలను ఇలా రెండు రకాలుగా విడదీసి పేర్లు పెట్టాడు. ఎండబెట్టి దాచుకోగలిగినవి ఆర్థడాక్స్, దాచుకోనివ్వనివి రికాల్సిట్రంట్. రెండోదాన్ని తెలుగులో మొండి విత్తనాలు అనొచ్చు. మామిడి, పనస, నేరేడు ఈ మొండి బ్యాచ్. నాకైతే అది మొండితనంలా కనిపించదు, తొందర అంతే. మామిడి పుట్టిల్లు ఈశాన్య భారతం, మయన్మార్ వైపు తడి అడవులు. అక్కడ పండు రాలేది వానలు వచ్చే వేళకే. కింద పడగానే తడి నేల దొరికే విత్తనానికి ఏళ్ళ తరబడి నిద్రపోయే విద్య దేనికి?

ఈ తేడా మన హైదరాబాద్ దగ్గరే కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల బ్యాంకు ఉంది. లక్షకు పైగా రకాలను ఎండబెట్టి, మైనస్ 20 డిగ్రీల చలిలో దశాబ్దాల పాటు దాచడానికి ఏర్పాట్లున్నాయి. మామిడి టెంకను అలా దాచడం కుదరదు. అందుకే అక్కడికి కాస్త దూరంలో, సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంలో, మామిడి రకాలను చెట్లుగానే పెంచుతూ కాపాడుతున్నారు. ఒక రకాన్ని దాచాలంటే ఒక చెట్టుకు సరిపడా నేల కావాలి.

రెండో ప్రయత్నం మృగశిర కార్తె వచ్చాక మొదలైంది. ఈసారి నేనే వెళ్ళాను. సీజన్ ఆఖరు పండ్లు నాలుగు తిని నాలుగు టెంకలు తీశాం. "మిగిలినవి ఫ్రిజ్‌లో పెడదామా మామయ్యా, వచ్చే నెల నాటొచ్చు" అన్నాడు. వద్దన్నాను. వేడి దేశపు విత్తనం కదా, ఫ్రిజ్ చలికి కూడా దాని కణాలు దెబ్బతింటాయి. నాలుగూ ఇప్పుడే నాటాలి.

పాత టూత్‌బ్రష్‌తో పీచు రుద్ది, చేతిలో జారకుండా నీడలో ఒక్క రాత్రి ఆరబెట్టాం. తర్వాత టెంక చిప్పను తీసేయాలి. చిప్పతో నాటినా మొలుస్తుంది కానీ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి మొలక లోపలే వంకర తిరుగుతుంది. మొక్కలు కోసే కత్తెరతో పలచని అంచు మాత్రం కొద్దికొద్దిగా కత్తిరించి, రెండు రెక్కలను చేత్తో విడదీశాను. కత్తెర లోపలికి దిగితే జీడి తెగుతుంది కాబట్టి ఈ పని పిల్లాడికి ఇవ్వలేదు.

చిన్నూ తొంగి చూసి "అరే, ఇది ఆవకాయ ముక్కలో గట్టిగా ఉండేదే కదా!" అన్నాడు. అదే. ఆవకాయకు కాయ కొట్టినప్పుడు ముక్కకు అంటిపెట్టుకుని ఉండే గట్టి పెంకు టెంక, అంటే పండులో ఒక భాగమే. అమ్మమ్మ తీసి పారేసే జీడీ, దాని మీది కాగితంలాంటి పొరా, ఆ రెండూ కలిస్తేనే అసలు విత్తనం.

నాలుగింటిలో ఒకటి తెరిచేసరికి లోపల నల్లటి పొడి, అందులో ముక్కు పొడవున్న ఒక పురుగు. పండు మీద మాత్రం గాటు కూడా లేదు. ఇది టెంక పురుగు. పిందెగా ఉన్నప్పుడే తల్లి పురుగు తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్ల గుజ్జులోంచి దూరి ఇంకా గట్టిపడని టెంకలోకి చేరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడుకుపోతుంది. పండు తిన్నవాళ్ళకు ఏమీ తెలియదు. చిప్ప తీయకుండా నాటి ఉంటే చిన్నూ ఇంకో ఇరవై రోజులు పురుగు సమాధికి నీళ్ళు పోసేవాడు.

మిగిలిన మూడూ మీగడ రంగులో, గట్టిగా, నిండుగా ఉన్నాయి. నీళ్ళలో వేస్తే రెండు మునిగాయి, ఒకటి తేలింది. తేలినదాన్ని నర్సరీ వాళ్ళయితే పారేస్తారు. మేం కూడా పక్కన పెట్టేశాం.

కుండీలో సగం మట్టి, సగం ఇసుక, పైన కాస్త పశువుల ఎరువు. జీడికి ఒక అంచు ఉబ్బుగా, రెండోది లోపలికి వంగినట్టు ఉంటుంది. ఉబ్బు పైకి వచ్చేలా, అది మట్టికి కొంచెం కిందే ఉండేలా ఒకదాన్ని పెట్టాను. రెండోది చిన్నూ పెట్టాడు, తలకిందులుగా. నేను సరిచేయలేదు, ఈసారి క్రూరత్వంతో కాదు, చూడాలనే.

ఆరో రోజు వాడు ఆగలేక వేలితో మట్టి కదిపాడు. తెల్లటి వేరు ఒకటి అప్పటికే అంగుళం దిగి ఉంది. పైన ఏమీ లేదు కాబట్టి ఏమీ జరగడం లేదని వాడు అనుకుంటున్నాడు. మామిడికి మొదటి పని కిందికి పోవడం. నీళ్ళ దారి చూసుకున్నాక గానీ అది ఆకు గురించి ఆలోచించదు.

తలకిందులుగా పెట్టినదాని వేరు కూడా తిరిగి కిందికే వెళ్ళింది. వేరు కొసన ఉండే కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. వేరు ఎటు తిరిగినా అవి కిందికి జారి పేరుకుంటాయి, దాన్ని బట్టి వేరు తన దారి మార్చుకుంటుంది. కాకపోతే అలా తిరిగిన చోట మెడ కొంకిలా వంకరపోతుంది. అంటు కట్టేవాళ్ళు అలాంటి మొక్కను తీసుకోరు.

పద్నాలుగో రోజు పొద్దున మట్టి పగిలి, ముదురు ఎరుపు కాడ ఒకటి వంగి బయటికొచ్చింది. ఆనందం పూర్తయ్యాక వాడికి అనుమానం. "బడిలో పెసలు మొలిచినప్పుడు బద్దలు పైకొచ్చాయి. దీని బద్దలేవి?" మంచి ప్రశ్న. మామిడి తన రెండు బద్దలనూ మట్టిలోనే ఉంచుకుంటుంది. అంత బరువును పైకెత్తడం దేనికి, తిండి కింది నుంచే పంపిస్తుంది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. పై కొసను మేకో మిడతో కొరికేసినా బద్దల్లో సరుకు మిగిలి ఉంటే పక్క నుంచి ఇంకో చిగురు వేయగలదు.

ఇరవయ్యో రోజుకు నాలుగు ఆకులు విప్పుకున్నాయి. రాగి రంగులో, తడి గుడ్డల్లా వేలాడుతూ ఉన్నాయి. చిన్నూకి మళ్ళీ టెన్షన్. ఎండిపోతోందనుకుని ఇంకో చెంబు నీళ్ళు పోయబోతుంటే ఆపాను. ఆ దశలో మామిడిని చంపేది దాహం కంటే ఎక్కువగా నిలవ నీరే. కొత్త ఆకు ముందు సైజు పెంచుకుంటుంది, పచ్చదనం, గట్టిదనం తర్వాత. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగుది. లేత కణాలకు అది ఎండ నుంచి గొడుగులా పనిచేస్తుందని ఒక వివరణ, తినే పురుగులకు ఆకు రుచించకుండా చేస్తుందని ఇంకొకటి. మరో పది రోజులకు ఆకులు పచ్చబడి, నిటారుగా నిలబడ్డాయి.

"ఇది బంగినపల్లేనా?" అని అడిగాడు అప్పుడు. అమ్మ బంగినపల్లి, నాన్నెవరో తెలియదు అన్నాను. పూత వేళ ఈగలు పక్క తోటలోంచి ఏ రకం పుప్పొడి తెచ్చాయో ఎవరు చూశారు? బంగినపల్లి జీడిలో ఒకే పిండం ఉంటుంది, అది ఈ ఇద్దరి బిడ్డ. కేరళ తీరంలో ఓలూర్, చంద్రకారన్ లాంటి కొన్ని రకాలు మాత్రం ఒకే జీడి నుంచి మూడు నాలుగు మొలకలిస్తాయి, వాటిలో ఎక్కువ తల్లికి నకళ్ళే. మన బంగినపల్లి అచ్చం అదే రావాలంటే అంటు కట్టాల్సిందే. టెంక మొక్కకు కాపు రావడానికి ఆరేడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పండు ఎలా ఉంటుందో అప్పుడు గానీ తేలదు.

చిన్నూ వేళ్ళ మీద లెక్క పెట్టి "అప్పటికి నాకు పదహారు" అన్నాడు. తర్వాత కుండీని పైకెత్తి అడుగు చూశాడు. నీళ్ళు పోయే చిల్లులోంచి తెల్లటి వేరు కొస అప్పుడే బయటికి తొంగి చూస్తోంది. మూడో అంతస్తు బాల్కనీ దానికి చాలదు. ఊళ్ళో అమ్మమ్మ పెరట్లో బావి పక్కన చోటుందా లేదా అని వాడే ఫోన్ చేశాడు.