నెలసరి రోజుల్లో వచ్చే జ్వరం: ట్యాంపన్లు, కప్పులు, టాక్సిక్ షాక్

ఒక బ్యాక్టీరియా విషం వల్ల తీవ్రమైన జ్వరం వచ్చి బీపీ పడిపోయే జబ్బుకు టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే పేరును 1978లో అమెరికాలోని డెన్వర్‌కు చెందిన పిల్లల వైద్యుడు జేమ్స్ టాడ్ పెట్టారు. ఆయన వర్ణించిన రోగులు 8 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు, వారిలో మగపిల్లలు కూడా ఉన్నారు. కాబట్టి ఇది స్వతహాగా నెలసరికి చెందిన జబ్బు కాదు. రెండేళ్లు తిరిగేసరికి మాత్రం అదే దేశంలో నెలసరి రోజుల్లో ఉన్న యువతులు వందల సంఖ్యలో ఇదే లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు మరణించారు. ఆరా తీయగా వారిలో అత్యధికులు నెలసరి రక్తాన్ని పీల్చుకోవడానికి యోనిలో పెట్టుకునే దూది చుట్టలైన ట్యాంపన్లు వాడుతున్నవారని, అందులోనూ రక్తాన్ని విపరీతంగా పీల్చుకునే రకాలు వాడేవారికి ముప్పు ఎక్కువని తేలింది. రిలై అనే ట్యాంపన్‌ను 1980 సెప్టెంబరులో మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకున్నారు.

చాలామంది అనుకునేట్టు దీనికి అపరిశుభ్రత మూలకారణం కాదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కొందరి ముక్కులోనూ, చర్మం మీదా, యోనిలోనూ ఏ హానీ చేయకుండా ఉంటుంది. దాని రకాల్లో కొన్నింటికి మాత్రమే టీఎస్ఎస్‌టీ-1 అనే విషాన్ని తయారుచేసే శక్తి ఉంటుంది, ఆ విషం తయారు కావడానికి ప్రాణవాయువు కావాలి. మామూలు రోజుల్లో యోనిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, అక్కడి ఆమ్లగుణం కూడా బ్యాక్టీరియాను అదుపులో ఉంచుతుంది. నెలసరి రక్తం ఆ ఆమ్లగుణాన్ని తగ్గిస్తుంది, ట్యాంపన్ తన పోగుల మధ్య ఇరుక్కున్న గాలిని లోపలికి తీసుకువెళుతుంది. నెలసరి రక్తాన్ని పట్టి ఉంచడానికి యోనిలో పెట్టుకునే మెత్తటి కప్పు కూడా మడతపెట్టి లోపలికి పంపాక తెరుచుకున్నప్పుడు తనతో కొంత గాలిని మోసుకుపోతుంది. అందుకే కప్పు ఏమీ పీల్చుకోదు కనుక దానితో ఈ జబ్బు రాదనే మాట నిజం కాదు. ట్యాంపన్‌తో పోలిస్తే చాలా తక్కువే అయినా, కప్పు వాడినవారిలోనూ ఇది నమోదైంది.

విషం రక్తంలోకి చేరాక జరిగేది మామూలు ఇన్ఫెక్షన్ లాంటిది కాదు. సాధారణంగా ఒక సూక్ష్మజీవి శరీరంలోకి వస్తే రోగాలతో పోరాడే టి-కణాలలో దానిని గుర్తుపట్టగల కొద్దిపాటి కణాలు మాత్రమే మేలుకుంటాయి. ఈ విషం ఆ గుర్తింపు ప్రక్రియతో పని లేకుండా శరీరంలోని టి-కణాలలో దాదాపు ఐదో వంతును ఒక్కసారిగా రెచ్చగొట్టగలదు. అవి కుమ్మరించే రసాయనాల వల్ల రక్తనాళాలు వదులై, అందులోని ద్రవం బయటికి కారి, బీపీ పడిపోతుంది. పెద్దయ్యేసరికి ఎక్కువమందిలో ఈ విషానికి విరుగుడుగా యాంటీబాడీలు తయారై ఉంటాయి. అవి ఇంకా ఏర్పడని టీనేజీ అమ్మాయిలకు, యువతులకు ముప్పు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. మొత్తం మీద ఇది లక్షమంది స్త్రీలలో ఏడాదికి ఒకరికి అటూఇటూగా కనిపించే అరుదైన జబ్బు.

దీని నడక తెలియడానికి ఒక ఊహాజనితమైన ఉదాహరణ చూద్దాం. హాస్టల్లో ఉండే పందొమ్మిదేళ్ల విద్యార్థిని నెలసరి రెండో రోజు రాత్రి 9 గంటలకు కప్పు పెట్టుకుంది. తెల్లారి ప్రాక్టికల్ పరీక్ష హడావుడిలో దాని సంగతి మరచిపోయింది. మధ్యాహ్నం చలితో 103 డిగ్రీల జ్వరం, రెండు వాంతులు. వానాకాలం కనుక స్నేహితురాళ్లు డెంగీ అన్నారు, ఒకరు మెస్సు భోజనాన్ని తిట్టారు. పారాసిటమాల్ వేసుకుని పడుకుంది. రాత్రికి నీళ్ల విరేచనాలు, తొడల్లో పిక్కల్లో భరించలేని నొప్పులు, పుసి లేకుండానే ఎర్రబడిన కళ్లు, ఎండకు కమిలినట్టు ఛాతీ మీద ఎరుపు. మంచం దిగి నిలబడబోతే కళ్లు బైర్లు కమ్మాయి. క్యాజువాలిటీలో బీపీ 84/50 ఉంది.

మన ప్రాంతంలో ఇక్కడే పొరపాటు జరిగే వీలు ఎక్కువ. డెంగీలోనూ జ్వరం, దద్దు, ప్లేట్‌లెట్ల తగ్గుదల, బీపీ పడిపోవడం ఉంటాయి. కానీ డెంగీలో బీపీ పడిపోవడం సాధారణంగా మూడో రోజు తరువాత, జ్వరం దిగుతున్న వేళ జరుగుతుంది. టాక్సిక్ షాక్‌లో ఒకటి రెండు రోజుల్లోనే, జ్వరం తీవ్రంగా ఉండగానే పడిపోతుంది. చామనఛాయ చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనబడకపోవచ్చు కనుక కళ్లు, పెదవులు, నాలుక, అరచేతులు చూడాలి. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం పొరలుగా ఊడటం పుస్తకాల్లో ప్రముఖంగా రాసే లక్షణమే, అయితే అది వారం రెండు వారాల తరువాత గానీ కనిపించదు.

ఆ అమ్మాయి చేయవలసిన మొదటి పని కప్పును వెంటనే తీసేయడం. రెండోది, డాక్టరు అడగకపోయినా, పక్కన బాబాయో అన్నయ్యో ఉన్నా, తాను నెలసరిలో ఉన్నానని, కప్పు వాడానని చెప్పడం. సిగ్గుపడి దాచిన ఆ ఒక్క మాట వల్ల రోగనిర్ధారణ పక్కదారి పట్టవచ్చు. చికిత్సలో సెలైన్ పెద్ద మొత్తంలో ఎక్కించడం, బీపీని నిలబెట్టే మందులు, ఐసీయూ పర్యవేక్షణ ఉంటాయి. యాంటీబయాటిక్స్‌లో క్లిండమైసిన్‌ను చేర్చడానికి కారణం, అది బ్యాక్టీరియా విషాన్ని తయారుచేయడాన్నే అడ్డుకోగలగడం.

ఇక వాడకం సంగతి. ట్యాంపన్‌ను 4 నుంచి 8 గంటలలోపు మార్చాలి. స్రావానికి సరిపడే వాటిలో తక్కువ పీల్చే రకాన్నే ఎంచుకోవాలి. ఎక్కువసేపు ఆగుతుందని పెద్దది పెట్టుకోవడం 1980 నాటి పొరపాటును ఇంట్లో తిరిగి చేయడమే. ఎనిమిది గంటలకు మించి నిద్రపోయేవారికి రాత్రి ప్యాడ్ మేలు. చివరి రోజున పెట్టుకున్నది తీశామో లేదో గుర్తు చేసుకోవడం చాలా అవసరం, లోపలే మరచిపోవడం జరుగుతూనే ఉంటుంది.

కప్పులకు చాలా కంపెనీలు 12 గంటల వరకు గడువు రాస్తాయి. నా దృష్టిలో దానిని లక్ష్యంగా కాక చివరి హద్దుగా చూడాలి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ప్రయోగశాలలో కప్పు మీద ఈ బ్యాక్టీరియా జిగురు పొరలా అంటుకుని, నీళ్లతో కడిగినా మిగిలిపోవడం ఫ్రాన్స్ పరిశోధకులు గమనించారు. కాబట్టి ప్రతి నెలసరికీ ముందు కప్పును నీళ్లలో మునిగేలా మరిగించాలి, ఎన్ని నిమిషాలన్నది దాని పెట్టె మీద ఉంటుంది. హాస్టల్లో గిన్నె, పొయ్యి దొరకనివారికి ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. అందుకే రెండు కప్పులు ఉంచుకుని ఇంటికి వెళ్లినప్పుడు రెండూ మరిగించి పెట్టుకోవడం తేలిక. తీసేటప్పుడు తోకను పట్టి లాగకుండా, అడుగుభాగాన్ని వేళ్లతో నొక్కి లోపలి పట్టును వదిలించాలి. కాపర్-టీ ఉన్నవారిలో ఆ పట్టుతో లాగితే అది జారే అవకాశం ఉంది, వారు కప్పు మొదలుపెట్టే ముందే గైనకాలజిస్టుతో మాట్లాడాలి.

ఈ జబ్బు నుంచి కోలుకున్నవారిలో కొందరికి ఆ తరువాత కూడా యాంటీబాడీలు తయారుకావు, వారికి రాబోయే నెలసరులలో మళ్లీ రావచ్చు. అందువల్ల ఒకసారి టాక్సిక్ షాక్ వచ్చినవారు ట్యాంపన్లను, కప్పులను పూర్తిగా మానేసి ప్యాడ్లకు గానీ ఉతికిన, ఎండబెట్టిన గుడ్డకు గానీ మారవలసి ఉంటుంది.