మంచి పన్ను ఎందుకు తీయాలి? ఒక ఆరు మిల్లీమీటర్ల లెక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు గారు "క్లిప్పులు వేయాలంటే నాలుగు పళ్ళు తీయాలి" అంటారు. కూకట్‌పల్లిలో ఇంకొకరు అదే అమ్మాయి నోరు చూసి "తీయకుండానే సరిచేయొచ్చు" అంటారు. ఇంటికొచ్చాక అమ్మానాన్నలకు ఒకటే బెంగ: పుచ్చని, నొప్పి లేని పన్నును చేజేతులా పీకించుకోవడం ఏమిటని. ఈ తగాదా కొత్తది కాదు. 1911లో అమెరికాలో పళ్ళ వరుస సరిచేసే డాక్టర్లలో ఎడ్వర్డ్ యాంగిల్ వర్గం, కాల్విన్ కేస్ దీనిమీదే గట్టిగా వాదించుకున్నారు. దేవుడిచ్చిన పళ్ళన్నీ ఉంచి సరిచేయాలన్నది యాంగిల్ మాట. యాంగిల్ దగ్గరే నేర్చుకున్న చార్లెస్ ట్వీడ్ తర్వాత తన కేసులు మళ్ళీ చూసుకుంటే, పళ్ళు తీయకుండా ముగించిన చాలామందిలో ముందుపళ్ళు ముందుకు వాలిపోయి, వరుస మళ్ళీ చెదిరి కనిపించింది. ఆయన వారిలో కొందరికి పళ్ళు తీసి మళ్ళీ చికిత్స చేశాడు.

ఇంతకీ ఇరుకు, అంటే పళ్ళు వరుసగా నిలబడటానికి తక్కువైన చోటు, ఎంతుందో ఎలా తేలుస్తారు? కంటితో చూసి కాదు. నోటి అచ్చు తీసి, లేదా ఇప్పుడైతే స్కానర్‌తో స్కాన్ చేసి, కింది వరుసలో రెండు వైపుల పెద్ద దవడ పళ్ళ మధ్య ఉన్న పది పళ్ళనూ ఒక్కొక్కటిగా కొలుస్తారు. ఒక పదిహేనేళ్ళ అమ్మాయిని ఊహించుకుందాం. ఒక పక్కన మధ్య పన్ను 5.4 మి.మీ., దాని పక్కది 6.0, కోరపన్ను 6.9, ఆ వెనక రెండు చిన్న దవడ పళ్ళు, అంటే ప్రీమోలార్లు, 7.1, 7.2. మొత్తం 32.6. రెండో పక్కా అంతే అనుకుంటే కావలసిన చోటు 65.2 మి.మీ. ఇక ఉన్న చోటెంత? మెత్తని ఇత్తడి తీగను అచ్చు మీద ఒక పెద్ద దవడ పన్ను ముందంచు నుంచి రెండో వైపు దాకా, పళ్ళు నిలబడాల్సిన గీత వెంబడి వంచి, తర్వాత సాగదీసి కొలిస్తే 59.2 వచ్చింది. ఇరుకు 6 మి.మీ. తీగను ఎక్కడ వంచారన్న దాన్నిబట్టి కొలత మారుతుంది. వాలిపోయిన పన్ను అంచు వెంబడి తీగ పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చోటు కనిపిస్తుంది. ఇద్దరు డాక్టర్ల లెక్కలు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావడానికి ఇదొక కారణం.

సాధారణంగా 4 మి.మీ. లోపు ఇరుకుకు పళ్ళు తీయరు. 10 దాటితే దాదాపు తీస్తారు. నడుమ ఉన్న 5 నుంచి 9 దగ్గరే అసలు చిక్కు, మన అమ్మాయి సరిగ్గా అక్కడే ఉంది. అక్కడ ఇరుకు అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. ముందుపళ్ళు చివరికి ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్నే తేలుస్తుంది. అందుకే పక్క నుంచి తల ఎక్స్‌రే, సెఫలోగ్రామ్, తీసి కింది ముందుపన్ను దవడ అడుగు గీతతో ఎంత కోణం చేస్తుందో చూస్తారు. పాశ్చాత్య పుస్తకాల్లో సగటు 90 డిగ్రీల దగ్గర. మన దక్షిణాది ముఖాల్లో పళ్ళు అంతకంటే కొంచెం ముందుకే ఉండటం మామూలు. కాబట్టి ఆ పుస్తకపు అంకెకు మన పిల్లల్ని లాగి కుదించడం తప్పే.

మన అమ్మాయికి కోణం 104 వచ్చిందనుకోండి. ఊరికే కూర్చున్నప్పుడు పెదాలు కలవవు, కలపబోతే గడ్డం దగ్గర చర్మం బిగిసి గుంటలు పడుతుంది. ముందుపళ్ళను 2 మి.మీ. వెనక్కి తేవాలి. వరుస విల్లులా ఉంటుంది కదా, ముందు భాగం ఒక మిల్లీమీటరు వెనక్కి జరిగితే రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున రెండు మిల్లీమీటర్ల చోటు ఖర్చవుతుంది. అంటే 4 మి.మీ. పళ్ళ వరుస పక్కనుంచి చూస్తే తొట్టిలా పల్లంగా ఉంటే దాన్ని చదును చేయడానికి ఇంకో 1. ఆరు, నాలుగు, ఒకటి, మొత్తం 11. మొదటి ప్రీమోలార్లు రెండూ తీస్తే 14.2 వస్తుంది. మిగిలిన 3.2 మి.మీ.లో వెనక పళ్ళు పక్కకు 1.6 చొప్పున ముందుకు జరుగుతాయి. పైన కూడా రెండు తీస్తేనే కింద, పై పళ్ళు కొరుకులో కలుస్తాయి. ఆ పన్నునే ఎందుకంటే, అది ఇరుకుకు దగ్గర్లోనే ఉంది, దాని వెనకున్న రెండో ప్రీమోలారు దాదాపు అదే ఆకారంలో ఉండి దాని పని చేసేస్తుంది.

ఇప్పుడు అదే 6 మి.మీ. ఇరుకున్న ఇంకో అబ్బాయిని చూడండి. కోణం 90, పెదాలు పల్చగా, కాస్త లోపలికే ఉన్నాయి. వాడికి పళ్ళు తీస్తే ముఖం లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. పల్లం చదునుకు 1 కలిపి కావలసింది 7. ముందుపళ్ళను 1.5 మి.మీ. ముందుకు తెస్తే 3 దొరుకుతుంది. ముందుపళ్ళ మధ్యా, వాటి పక్కనా కలిపి ఆరు సందుల్లో పక్క ఎనామెల్‌ను సన్నగా, సందుకు అర మిల్లీమీటరు చొప్పున, అరగదీస్తే ఇంకో 3. లోపలికి వాలిన ప్రీమోలార్లను నిలబెడితే మిగిలిన 1 వచ్చేస్తుంది. ఇరుకు ఒక్కటే, నిర్ణయాలు రెండు, రెండూ సరైనవే.

తప్పు జరిగేది ఈ లెక్కను మధ్యలో ఆపేసినప్పుడు. ముందే ఎత్తుగా ఉన్న పళ్ళను "తీయకుండా" అన్న మాట నిలబెట్టుకోవడానికి ఇంకా ముందుకు తోస్తే, కింది ముందుపళ్ళ వేరు పల్చని ఎముక దాటి బయటకొచ్చి చిగురు దిగిపోతుంది. చిగురు మీద వేరు ఆకారం ఉబ్బెత్తు గీతల్లా కనిపిస్తుంటే జాగ్రత్త పడాలి. అవసరం లేని చోట తీసి, ఖాళీ పూడ్చడానికి ముందుపళ్ళను అతిగా వెనక్కి లాగితే పెదాలు చదునైపోతాయి. తీసిన చోట రెండు పక్కల పళ్ళ పైకి కనిపించే భాగాలు దగ్గరకొచ్చి వేర్లు మాత్రం ఎడంగా ఉండిపోతే ఆ సందు మళ్ళీ తెరుచుకుంటుంది. ఇది చివర్లో తీసే ఎక్స్‌రేలోనే తెలుస్తుంది, అద్దంలో కాదు.

ఇక భయాల విషయం. పై పన్ను పీకితే చూపు తగ్గుతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. పన్నుకు వెళ్ళే నరం వేరు, చూపు నరం వేరు, రెంటికీ పొత్తు లేదు. పళ్ళు తీస్తే దవడ కీలు పాడవుతుందన్న ఆరోపణ మీద 1987లో మిషిగన్‌లో ఒక కోర్టు డాక్టరుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ తర్వాత జరిగిన పరిశీలనల్లో ఆ సంబంధం బయటపడలేదు. గుంట బోసిగా ఉండిపోతుందన్నది ఇంకో దిగులు. అక్కడ ఎముక కొన్ని నెలల్లో నిండుతుంది, తీగ లాగుతుంటే పళ్ళు నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరిగి ఖాళీని మూసేస్తాయి. ఏడు మిల్లీమీటర్ల గుంటకు ఏడెనిమిది నెలలు పట్టొచ్చు. అందుకే పళ్ళు తీసిన కేసులు సాధారణంగా కాస్త ఎక్కువ కాలం నడుస్తాయి.

లెక్క నిజంగానే అటూ ఇటూ ఊగుతుంటే ఇంకో దారి ఉంది. పళ్ళు తీయకుండానే క్లిప్పులు వేసి, నాలుగైదు నెలలు వరుసను సర్దనిచ్చి, అప్పుడు మళ్ళీ సెఫలోగ్రామ్ తీయించాలి. ముందుపళ్ళు ఎంత వాలాయో, పెదాలు కలుస్తున్నాయో లేదో, చిగురు దిగుతోందో లేదో అప్పుడు చూసి తీయాలా వద్దా తేల్చుకోవచ్చు. ఈ మాట మొదటి రోజే డాక్టరుతో అనుకోవాలి. లేకపోతే మధ్యలో "పళ్ళు తీయాల్సొచ్చింది" అంటే మోసపోయామనిపిస్తుంది. తీయించే ముందు అడగాల్సినవి రెండే: ఇరుకు ఎన్ని మిల్లీమీటర్లు, ముందుపళ్ళను ఎటు, ఎంత జరపబోతున్నారు. లెక్క వేసిన డాక్టరు ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి చూపిస్తారు.