ఉజ్జాయింపు లెక్కలు: క్లాసులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఐదు, ఆరు తరగతుల పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. ఉజ్జాయింపు వర్క్‌షీట్ ఇచ్చిన ప్రతిసారీ పిల్లల దగ్గర, వాళ్ళ అమ్మానాన్నల దగ్గర ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: ముందు అసలు లెక్క చేసి, వచ్చిన జవాబును సవరిస్తే అదే ఉజ్జాయింపు.

ఎక్కువమంది పిల్లలు చేసేది ఇదే. 48 × 21 సుమారుగా ఎంత అని అడిగితే, రఫ్ పేపర్ మీద 1008 అని తేల్చుకుని, దాన్ని దగ్గరి పదికి సవరించి 1010 అని రాస్తారు. పట్టుకోవడం తేలికే. 48ని 50గా, 21ని 20గా తీసుకుంటే 1000 వస్తుంది, 1010 రాదు. జవాబు మరీ దగ్గరగా ఉంటే అనుమానించాలి. నా వర్క్‌షీట్లలో ఉజ్జాయింపు గడి ముందు ఉంటుంది, అసలు లెక్కకు చోటు రెండో పేజీలో ఉంటుంది. మొదటి పేజీ తీసుకున్నాకే రెండోది ఇస్తాను.

అపోహ: 5, ఆపైన ఉంటే పెంచాలి, లేకపోతే తగ్గించాలి. అంతే రూలు.

దగ్గరి పదికి సవరించమన్నప్పుడు అది సరైన రూలే. కానీ 130 మంది పిల్లలు పిక్నిక్‌కి వెళ్తున్నారు, బస్సుకు 40 మంది పడతారు అనుకోండి. భాగిస్తే 3.25. రూలు ప్రకారం 3 బస్సులు, పదిమంది పిల్లలు స్కూల్ గేటు దగ్గరే. ఎటు సవరించాలో ప్రశ్నను బట్టి తేల్చుకోవాలి.

అపోహ: డబ్బు విషయంలో ఉజ్జాయింపు పనికిరాదు, పైసాతో సహా లెక్క కట్టాల్సిందే.

వర్క్‌షీట్‌లో నాకు బాగా ఇష్టమైన లెక్క ఇక్కడే ఉంది. కొనాల్సిన సరుకులు నాలుగు: 187, 68, 243, 92 రూపాయలు. ముగ్గురు పిల్లలు ఇవే సరుకులకు వెళ్ళారు. ఒకరి చేతిలో 700, ఇంకొకరి చేతిలో 500, మూడో వారి చేతిలో 600 ఉన్నాయి. ఎవరికి సరిపోతాయి?

700 ఉన్నవారు ధరలన్నీ పై వందకు పెంచుకుంటే చాలు: 200, 100, 300, 100. మొత్తం 700. అన్నీ పెంచినా 700 దాటలేదంటే అసలు బిల్లు ఎలాగూ దాటదు. సరిపోతాయి, ఇంక లెక్క అక్కర్లేదు.

500 ఉన్నవారు అన్నీ కింది పదికి తగ్గించి చూడాలి: 180, 60, 240, 90. మొత్తం 570. తగ్గించినా 500 దాటిపోయింది కాబట్టి చాలవు.

చిక్కు 600 దగ్గరే. తగ్గిస్తే 570, పై పదికి పెంచితే 190, 70, 250, 100 కలిపి 610. 600 ఈ రెండింటి మధ్యలో పడింది. కాబట్టి ఇక్కడ ఉజ్జాయింపు తేల్చలేదు, కూడాల్సిందే. కూడితే 590 వస్తుంది, పది రూపాయలు మిగులుతాయి. సరుకులు అవే, ధరలు అవే. ఇద్దరికి సుమారు లెక్క చాలింది, ఒకరికి చాలలేదు. మనం పోల్చే సంఖ్య కింది హద్దుకూ పై హద్దుకూ మధ్యలో పడిందా లేదా అన్నదే చూడాలి. పిల్లలు ఈ మూడో గడి దగ్గర కాసేపు తంటాలు పడతారు. పడనివ్వండి, వెంటనే చెప్పేయొద్దు.

అపోహ: రెండు సంఖ్యల్నీ పెంచి గుణిస్తే జవాబు దగ్గరగానే వస్తుంది.

35 × 45ను 40 × 50 చేస్తే 2000. అసలు జవాబు 1575. హెచ్చవేతలో రెండింటినీ పెంచితే తేడా బాగా పెరుగుతుంది. ఒకటి పెంచి ఒకటి తగ్గించి 40 × 40 చేస్తే 1600, ఎంతో నయం. తీసివేతలో మాత్రం దీనికి తిరగబడుతుంది: రెండింటినీ ఒకే వైపు సవరిస్తేనే తేడా తక్కువ.

అపోహ: ఉజ్జాయింపుకు దగ్గరగా ఉంటే జవాబు కరెక్టే.

కాదు. మళ్ళీ 48 × 21కే వద్దాం. రెండో వరుసను ఒక స్థానం ఎడమకు జరపడం మర్చిపోయిన పిల్లలు 48కి 96 కలిపి 144 రాస్తారు. వెయ్యి దగ్గర ఉండాల్సింది 144 అయ్యిందంటే తప్పని వెంటనే తెలిసిపోతుంది. కానీ కూడికలో జారి 1018 రాస్తే? అదీ వెయ్యికి దగ్గరే, ఉజ్జాయింపు దాన్ని పట్టలేదు. ఒకట్ల స్థానం చూసినా 8 సరిగ్గానే ఉంది. ఇలాంటప్పుడు అంకెల మొత్తంతో చూడమంటాను. 48లో అంకెలు కలిపితే 12, మళ్ళీ కలిపితే 3. 21కీ 3. మూడు మూళ్ళు 9, కాబట్టి జవాబు అంకెల మొత్తం కూడా 9 రావాలి. 1008కి 9 వస్తుంది, 1018కి 10, అంటే 1. దొరికిపోయింది. అయితే అంకెలు తారుమారై 1080 అని రాస్తే దానికీ 9 వస్తుంది, ఈ పరీక్ష దాన్ని వదిలేస్తుంది. దాన్ని పట్టేది ఉజ్జాయింపే: 48ని కాస్త పెంచాం, 21ని కాస్త తగ్గించాం, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు, కాబట్టి జవాబు వెయ్యికి 80 ఎక్కువ రాకూడదు. అందుకే వర్క్‌షీట్ చివర రెండు పరీక్షలకూ రెండు గడులు పెడతాను.