రెండో అవకలజం: ఒక్క బిందువు దగ్గర చూస్తే చాలదెందుకు?

"మొదటి అవకలజం సున్నా, రెండోది ధనాత్మకం. కాబట్టి ఇదే కనిష్ఠ విలువ." ఈ జవాబుకు పూర్తి మార్కులు వేయాలా వద్దా అన్న తగువు పరీక్షలొచ్చేసరికి మళ్లీ రాజుకుంది. దీని మూలం కోసం న్యూటన్ దాకా వెళ్లక్కర్లేదు, 1906 దగ్గర ఆగితే చాలు.

అంతకుముందు 1889లో జర్మన్ గణితవేత్త ఒట్టో హోల్డర్ సగటుల మీద ఒక అసమానత నిరూపించాడు. రెండో అవకలజం అంతరమంతటా రుణాత్మకం కాకూడదన్నది ఆయన షరతు. 1906లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు యొహాన్ యెన్సెన్ అవకలజం ఊసే లేకుండా కాన్వెక్స్ ప్రమేయాన్ని నిర్వచించాడు:

f((a+b)/2) ≤ (f(a)+f(b))/2

అంటే, ఏ రెండు చోట్లు తీసుకున్నా వాటి నడిమధ్యన విలువ ఆ రెండు విలువల సగటును మించదు. అసలు మలుపు ఇదే. a దగ్గర స్థానిక కనిష్ఠం ఉందనుకుందాం. దూరంగా b దగ్గర విలువ ఇంకా తక్కువైతే, ఆ రెంటి సగటు f(a) కంటే తక్కువ. కాబట్టి నడిమధ్యన కూడా విలువ f(a) కంటే తక్కువే. ఇప్పుడు a కీ ఆ మధ్యబిందువుకీ మళ్లీ మధ్యన చూడండి, అక్కడా తక్కువే. ఇలా సగం చేసుకుంటూ పోతే a ని ఆనుకునే తక్కువ విలువలు దొరుకుతాయి. మరి a స్థానిక కనిష్ఠం ఎలా అవుతుంది? కాదు. అందుకే కాన్వెక్స్ ప్రమేయంలో స్థానిక కనిష్ఠమే మొత్తం మీద కనిష్ఠం.

రెండో అవకలజం ఈ కాన్వెక్స్ గుణాన్ని తేల్చే పరికరం మాత్రమే. అది అంతటా సున్నా లేదా ధనాత్మకం కావాలి. 3x⁴+4x³−12x² చూడండి. x=1 దగ్గర రెండో అవకలజం 36, విలువ −5. అక్కడ ఆగినవాడు x=−2 దగ్గరి −32ను పోగొట్టుకుంటాడు. నడుమ x=0 దగ్గర రెండో అవకలజం −24. గుణం చెడింది అక్కడే.

"మొదటి అవకలజం సున్నా అయ్యే చోటు, అంటే సందిగ్ధ బిందువు, ఒక్కటే ఉంటే?" అని పూర్తి మార్కులు వేయాలనే అవతలివారు అడుగుతారు. ఒకే చలరాశి ఉన్న నున్నటి ప్రమేయానికి, అంతరం మీద, వారి మాట నిజమే. రెండు చలరాశులకు నిలవదు. x²+y²(1+x)³ కి సందిగ్ధ బిందువు (0,0) ఒక్కటే. అక్కడ రెండో అవకలజాల మాత్రిక అయిన హెస్సియన్ వికర్ణంలో 2, 2, మిగతావి సున్నాలు. నిక్కమైన స్థానిక కనిష్ఠం, విలువ 0. అయినా (−2,3) దగ్గర విలువ 4−9, అంటే −5. ఎందుకంటే y మీద రెండో అవకలజం 2(1+x)³, అది x=−1 దాటి ఎడమకు వెళ్లగానే రుణాత్మకం అవుతుంది. మూలబిందువు దగ్గర ఎంత సేపు లెక్క చేసినా ఆ సంగతి కనపడదు.