గడియారంలో 34, మంచం మీద 37

రోహిణీ కార్తెలో అమలాపురం దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్లాను. రాత్రి తొమ్మిదిన్నరకి, గదిలో వేడి కూడా చూపే గోడ గడియారం 34 డిగ్రీలు చూపిస్తోంది. "ఒరేయ్ అబ్బాయ్, పొద్దున తొమ్మిదింటికీ ఇదే 34. అప్పుడు ఇంత ఉడుకు లేదు. ఇది గానీ పాడైందంటావా?" అంది అత్త. మంచం తల దక్షిణానికి తిప్పమని ఎవరో చెబితే తిప్పేసింది కూడా. ఎటు తిప్పినా స్లాబు నెత్తిమీదే ఉంటుంది కదా!

గడియారం నిజమే చెబుతోంది. కాకపోతే అది చెప్పేది గాలి సంగతి. స్లాబు సంగతి దానికి తెలీదు.

మంచం మీద వెల్లకిలా పడుకుని, అరచేయి పైకప్పుకేసి చాపి చూడండి. వెంటనే నేలకేసి తిప్పండి. స్లాబు బాగా కాలి ఉంటే తేడా అరచేతికే తెలిసిపోతుంది. "వేడి గాలి పైకే పోతుంది కదా, పైకప్పు వేడి కిందికెలా దిగుతుంది?" అని పిల్లలు అడుగుతారు. బడిలో వహనం, సంవహనం, వికిరణం అని మూడు పేర్లు బట్టీ పట్టించి, వికిరణానికి ఉదాహరణ సూర్యుడని చెప్పి వదిలేస్తాం. ఇంట్లో గోడలూ, స్లాబూ, మన ఒళ్లూ అన్నీ వేడిని కిరణాల రూపంలో, అంటే వికిరణంగా, వెదజల్లుతూనే ఉంటాయని ఎవరూ చెప్పరు. వికిరణానికి గాలితో పని లేదు. పైకీ కిందికీ ఒకేలా పోతుంది.

ఇప్పుడు అత్త మంచం లెక్క చూద్దాం. గది పది బై పన్నెండు అడుగులు, స్లాబు పదడుగుల ఎత్తున. ఎలక్ట్రీషియన్ దగ్గర అరువు తెచ్చిన, దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే స్లాబు అడుగు భాగం 46 డిగ్రీలు, గోడలు 35. చర్మం కూడా దాదాపు 35. ఆ వేడి దగ్గర చర్మం చదరపు మీటరుకి 500 వాట్ల దాకా వెదజల్లుతుంది. చుట్టూ ఉన్నవన్నీ 35 అయితే అంతే తిరిగి వస్తుంది, లెక్క సరిపోతుంది. కానీ పడుకున్న మనిషి ఛాతీకి ఎదురుగా కనిపించే దాంట్లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే స్లాబు. అది 46 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి, పోయేదానికన్నా చదరపు మీటరుకి సుమారు 27 వాట్లు ఎక్కువ వచ్చి పడుతుంది. నిద్రలో ఒళ్లు తనంతట తాను పుట్టించే వేడి చదరపు మీటరుకి 40 వాట్లే. అంటే ఒంటి పైభాగానికి సొంత వేడిలో సగానికి పైగా అదనపు బరువు. స్లాబు, గోడల వేడి కలిపి ఛాతీకి కనిపించే వాటాల ప్రకారం సగటు తీస్తే 39 వస్తుంది. గాలి కదలని గదిలో ఒంటికి తెలిసేది దానికీ, గాలి వేడికీ మధ్యన, దాదాపు 37. పొద్దున స్లాబు చల్లారి ఉంటుంది, అందుకే అదే 34 అప్పుడు బాధించలేదు.

ఫ్యాను వేస్తే? 34 డిగ్రీల గాలి 35 డిగ్రీల చర్మం నుంచి లాక్కోగలిగేది చాలా తక్కువ. దాని అసలు పని చెమట ఆర్పడం. కానీ మన కోనసీమలో సముద్రం, కాలువలు, చెరువులు కలిసి గాలిని తేమతో నింపేస్తాయి, చెమట తొందరగా ఆరదు. వికిరణాన్ని ఫ్యాను గాలి ఎలాగూ పక్కకి నెట్టలేదు.

స్లాబు అడుగున తెల్ల రంగు వేయిస్తే తగ్గుతుందని ఒక మేస్త్రీ అన్నాడట. తగ్గదు. తెలుపు కళ్లకే తెలుపు. 46 డిగ్రీల దగ్గర వెలువడే పరారుణ కిరణాలకి తెల్ల సున్నమూ నల్ల రంగూ ఇంచుమించు ఒకటే. అదే సున్నం డాబా మీద వేస్తే ఎండని వెనక్కి కొడుతుంది, అది వేరే విషయం.

నీళ్లు చల్లడం మంచిదే గానీ సమయం చూసుకోవాలి. అయిదంగుళాల కాంక్రీటులో పైభాగం మార్పు అడుగుకి చేరడానికి మూడున్నర గంటల దాకా పడుతుంది. అత్త చల్లేది రాత్రి ఎనిమిదింటికి, ఆ చల్లదనం కిందికి దిగేసరికి అర్ధరాత్రి దగ్గర పడుతుంది. సాయంత్రం అయిదింటికే చల్లమన్నాను.

పాత పెంకుటిళ్లలో అటక ఉండేది. కాలిన పెంకుకీ మనిషికీ మధ్య అదొక అడ్డం. అది గుర్తొచ్చి దోమతెర పైన మామయ్య పాత పంచె మడత పెట్టి పరిచాను. నూలు బట్ట వికిరణాన్ని చాలావరకు ఆపుతుంది, తాను చుట్టూ గాలికన్నా కాస్తే ఎక్కువ వేడెక్కుతుంది. పది నిమిషాలయ్యాక గన్ పెట్టి చూస్తే పంచె అడుగున 37. పైన స్లాబు 46 అలాగే ఉంది. అయితే పై ఫ్యాను గాలి ఆగిపోయింది, టేబుల్ ఫ్యాను పక్కన పెట్టాల్సొచ్చింది.

"గడియారం ఇప్పటికీ 34 అనే అంటోందిరా" అంది అత్త, తెరలోంచే.