ముక్కు విరగ్గొట్టుకున్న పక్షిరాజు: ప్రసంగ ఉదాహరణల మీద అపోహలు - వాస్తవాలు

రాయగడ జిల్లాలో, గుణుపురం వైపు మా సంఘం. పొద్దున తెలుగు ఆరాధన, తర్వాత ఒడియా ఆరాధన. కొన్నేళ్ళ కిందట యెషయా 40:31 మీద ప్రసంగిస్తూ పక్షిరాజు కథ చెప్పాను. మీరూ వినే ఉంటారు. నలభై ఏళ్ళు రాగానే అది కొండెక్కి ముక్కును బండకేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట, కొత్త ముక్కు వచ్చాక గోళ్ళు, ఆ తర్వాత ఈకలు పీకేసుకుంటుందట, 150 రోజులకు కొత్త పక్షి అయిపోయి ఇంకో ముప్పై ఏళ్ళు బతుకుతుందట. ఆమేన్లు బాగానే వచ్చాయి. బయట చెప్పులు వేసుకుంటూ, కోళ్ళు పెంచే ఒక ముసలామె అడిగింది: "అయ్యగారూ, ముక్కు నేని గెద్ద అయిదు నెల్లు ఏటి తిని బతుకుతాదండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా.

అపోహ: కథ నిజం కాకపోయినా పాఠం మంచిదైతే చాలు

ముక్కు పైపొర మన గోరులాంటిదే, అరుగుతూ పెరుగుతూ ఉంటుంది. లోపల మాత్రం ఎముక. అది విరిగితే మళ్ళీ రాదు, ఆ పక్షి ఆకలితో చస్తుంది. ఈకలు కూడా కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తాయి తప్ప ఒక్కసారిగా పీక్కోవడం ఉండదు. డెబ్బై ఏళ్ళ ఆయుష్షు అసలే లేదు, అడవిలో ముప్పై దాటేవే అరుదు.

ఇదంతా పక్కన పెట్టండి. కథ నిజమే అనుకున్నా ఆ వచనానికి అది పనికిరాదు, నాకు ఆలస్యంగా అర్థమైంది ఇదే. యెషయా చెప్పేది యెహోవా కోసం ఎదురుచూసేవాళ్ళకు కొత్త బలం వస్తుందని, వాళ్ళు పక్షిరాజుల్లా రెక్కలు చాపి పైకి ఎగురుతారని, అంటే బలం ఇచ్చేది ఆయన. కథలో పక్షి ఎవరి కోసమూ ఎదురుచూడదు, తన బాధతో తనను తానే బాగు చేసుకుంటుంది. నేను వచనం చదివి, దానికి సరిగ్గా ఎదురు మాట అరగంట చెప్పానన్నమాట.

ఇప్పుడు అదే వచనానికి మా ఊరి ఆకాశాన్నే వాడతాను. పొద్దున్నే పెద్ద రెక్కల పక్షులు చాలావరకు చెట్టు మీద కూర్చునే ఉంటాయి. ఎండెక్కి నేల వేడయ్యాక గాలి పైకి లేస్తుంది, అప్పుడు రెక్కలు చాపితే చాలు, పెద్దగా కొట్టకుండానే గుండ్రంగా తిరుగుతూ కొండ పైకి వెళ్ళిపోతాయి. లేపేది గాలి, పక్షి చేసింది కాచుకోవడం, రెక్క చాపడం. అయితే యెషయా మనసులో ఉన్నది ఈ వేడిగాలే అని మాత్రం అనను. ఇది నా పోలిక, అలాగే చెబుతాను.

అపోహ: సూదిబెజ్జం యెరూషలేములో ఒక చిన్న ద్వారం పేరు

ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని యేసు అన్నాడు కదా. ఆ ద్వారంలో ఒంటె మూటలు దించి మోకాళ్ళ మీద దూరేదట. యేసు కాలంలో ఆ పేరుతో ద్వారం ఉన్నట్టు ఒక్క ఆధారమూ లేదు, ఈ వివరణ ఎన్నో శతాబ్దాల తర్వాత పుట్టింది. పాత నగరం చుట్టూ ఇప్పుడు మనం చూసే గోడ 16వ శతాబ్దంలో సులేమాన్ సుల్తాను కట్టించింది. మత్తయి 19లో కింది వచనాలు చదవండి. శిష్యులు విస్తుపోయి "అయితే ఎవరు రక్షణ పొందగలరు" అంటారు, ప్రభువు అది మనుషులకు అసాధ్యం అంటాడు. మూట దించితే దూరగలిగే ద్వారమైతే విస్తుపోవడం దేనికి? ఇక్కడా అదే తప్పు, ఆయన అసాధ్యం అన్నదాన్ని మనం కష్టసాధ్యం చేసేస్తాం.

అందుకే నేను ముందు వాక్యభాగం చెప్పేదాన్ని ఒక్క వాక్యంలో రాసుకుంటాను. దాని కింద ఉదాహరణలో పని ఎవరు చేశారో, ఫలితం ఎవరి వల్ల వచ్చిందో రాస్తాను. రెండూ పొసగకపోతే కథ ఎంత బాగున్నా కొట్టేస్తాను. కొట్టేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, ఏం చేస్తాం.

అపోహ: "అంటారు" అని కలిపితే మన మీద తప్పు ఉండదు

వినేవాళ్ళకు "అంటారు" వినబడదు, అయ్యగారు చెప్పారన్నదే గుర్తుంటుంది. మా ఒడియా ఆరాధనలో అనువదించే తమ్ముడి నోట్లో ఆ ముక్క మొదటే రాలిపోతుంది.

అపోహ: దేవుని మహిమ కోసం సాక్ష్యాన్ని కాస్త పెంచవచ్చు

ఇదీ చేశాను. ఒక అక్కకు జ్వరం తగ్గిన సంగతిని మూడు కూటాల్లో చెప్పేసరికి మూడు రోజుల జ్వరం మూడు వారాలైంది, ఆసుపత్రి "చేతులెత్తేసింది" అయింది. మూడో కూటంలో వాళ్ళ మరిది కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు, నవ్వాడంతే. యోబు 13:7లో యోబు తన స్నేహితులను, దేవుని పక్షాన మోసం మాటలు పలుకుతారా అని నిలదీస్తాడు. ఆ రాత్రి నాకది నన్నే అడిగినట్టుంది.

కల్పిత కథ చెప్పకూడదని కాదు. "ఒక రైతు ఉన్నాడనుకోండి" అంటే అది కథేనని అందరికీ తెలుస్తుంది. జరిగిందని చెప్పేది మాత్రం జరిగి ఉండాలి. ఇప్పుడు సాక్ష్యం చెప్పేముందు ఆ మనిషికి నా కాగితం చదివి వినిపించి, చెప్పమంటారా అని అడుగుతాను. ఆ అక్క దగ్గరికీ వెళ్ళి తప్పు ఒప్పుకుని, సరిచేసింది చదివాను. ఆమె ఒక్కటే మార్పించింది: "మాత్రలు కూడా ఏసుకున్నానండీ, అదీ సెప్పండి."